పేజీ మాదేనని నిరూపించే ఉత్తరం: బెంగళూరులో ఒక కాలేజీ తెలుగు క్లబ్ కేస్ స్టడీ

ఫేస్‌బుక్ పేజీ హైజాక్ అయిందని సపోర్ట్‌కి రాసే ఉత్తరాలు చాలావరకు ఒకే చోట ఆగిపోతాయి. రాసినవాళ్లు "మా పేజీ దొంగిలించారు" అంటారు. చదివేవాళ్లకు అది నిజంగా దొంగతనమో, పాత కమిటీకీ కొత్త కమిటీకీ మధ్య వచ్చిన గొడవో తేలదు. కాలేజీ క్లబ్బుల విషయంలో ఈ అనుమానం మరీ ఎక్కువ. ఏటా ప్రెసిడెంట్ మారతారు, పేజీ మాత్రం ఎప్పుడో చదువైపోయి వెళ్లిపోయిన సీనియర్ల అకౌంట్ల మీదే నడుస్తుంటుంది. అడ్మిన్లలో అడ్మిన్లకు పడక ఒకరినొకరు తీసేసుకుంటే ప్లాట్‌ఫారం మధ్యలోకి రాదు. కాబట్టి ఉత్తరం మొదటి పేరాలోనే ఆ అనుమానం తీరాలి. తీరకపోతే మిగతా పేరాలు ఎంత బాగా రాసినా లాభం లేదు.

నేను బెంగళూరులో చిన్న ట్రస్టులకు, అసోసియేషన్లకు ఆన్‌లైన్ అకౌంట్ల భద్రత చూస్తాను. ఈ కేస్ యలహంక వైపు ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలోని తెలుగు క్లబ్‌ది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఉత్తరం ఇంగ్లిష్‌లో వెళ్లింది, ఇక్కడ దాన్ని తెలుగులో ఇస్తున్నాను.

పేజీని 2016లో అనంతపురం, కర్నూలు, కడప నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదలుపెట్టారు. సంక్రాంతి, ఉగాది కార్యక్రమాల ఫొటోలు, వీడియోలు అందులోనే ఉంటాయి. అడ్మిషన్ల సీజన్లో ఊళ్ల నుంచి తల్లిదండ్రులు ఈ పేజీకే మెసేజ్ పెట్టి "హాస్టల్ ఎలా ఉంది బాబూ, బయట పీజీలో ఉంచితే మంచిదా" అని అడుగుతారు. ఫాలోవర్లు 11 వేల పైచిలుకు. పేజీ మీద పూర్తి నియంత్రణ ఇద్దరికే ఉండేది. ఒకరు పేజీ పెట్టిన సీనియర్, ఇప్పుడు విదేశంలో ఉన్నాడు, ఫేస్‌బుక్ తెరిచి చాలా కాలమైంది. ఇంకొకరు 2019లో ప్రెసిడెంట్‌గా చేసిన సీనియర్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ప్రస్తుత ప్రెసిడెంట్‌కి, పోస్టర్లు చేసే అబ్బాయికి పాక్షిక అధికారం మాత్రమే. అంటే పోస్టులు పెట్టగలరు, మెసేజ్‌లకు జవాబివ్వగలరు, ఎవరినీ చేర్చలేరు, తీసేయలేరు. ఈ ఒక్క విషయం తర్వాత ఉత్తరాన్ని చాలా ఇబ్బంది పెట్టింది.

2025 మార్చి 14, హోలీ. హైదరాబాద్ సీనియర్‌కి మెసెంజర్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పంపినది పేజీ పాలసీ విభాగంలా పేరు పెట్టుకున్న ఒక అకౌంట్. మీ పేజీలో కాపీరైట్ ఉల్లంఘన ఉంది, 24 గంటల్లో అప్పీల్ చేయకపోతే తీసేస్తాం అని ఉంది. ఉగాది రెండు వారాల్లో ఉందని ఆయనకు తెలుసు. టెన్షన్‌లో లింక్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టారు, ఆ తర్వాత అడిగిన ఆరంకెల కోడ్ కూడా కొట్టారు. టూ ఫ్యాక్టర్ పెట్టుకున్న అకౌంటే అది. కానీ అవతలి నకిలీ పేజీ ఆ కోడ్‌ని అందుకున్న క్షణంలోనే అసలు సైట్‌లో వాడేస్తుంది. కోడ్ ఎవరు కొట్టారన్నది సైట్‌కి తెలిసే వీలు లేదు, కోడ్ సరైనదా కాదా అన్నదే చూస్తుంది.

తర్వాత జరిగినదంతా నిమిషాల్లో అయిపోయింది. ఆ అకౌంట్ నుంచి తెలియని వ్యక్తి ఒకరికి పేజీ మీద పూర్తి నియంత్రణ ఇచ్చారు. ఆ కొత్త వ్యక్తి మిగతా అందరినీ, దారి ఇచ్చిన సీనియర్ అకౌంట్‌తో సహా, తీసేశాడు. మధ్యాహ్నానికి పేజీ పేరు మారింది. సాయంత్రానికి ట్రేడింగ్‌లో డబ్బు రెట్టింపు అవుతుందనే ప్రకటనలు పేజీ పేరు మీద నడిచాయి. వాటి ఖర్చు సీనియర్ యాడ్స్ అకౌంట్‌కి జోడించిన కార్డు మీద పడింది.

ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేసేసరికి క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఒక పిలుపు వెళ్లిపోయింది: అందరూ పేజీని ఫేక్ అని రిపోర్ట్ కొట్టండి. "అన్నా, రెండొందల మంది కొట్టారు, ఇంకా తీయట్లేదు" అంది. వెంటనే ఆపమన్నాను. తీయకపోవడమే మన అదృష్టం. ఆ రిపోర్టుల వల్ల పేజీ మూతపడిందంటే మన ముందు రెండు సమస్యలుంటాయి. హైజాక్ ఒకటి, నిబంధనలు ఉల్లంఘించి మూతపడిన పేజీ రెండోది. రెండోదానికి వేరే అప్పీల్, వేరే క్యూ. దొంగ పెట్టిన ప్రకటనలను ఒక్కొక్కటిగా రిపోర్ట్ చేయడం సరైన పని. పేజీని మాత్రం ముట్టుకోకూడదు.

సీనియర్‌కి వేరే పని అప్పజెప్పాం. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించడం, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి డబ్బు పోయిన ఫిర్యాదు నమోదు చేయించడం, ఆ తర్వాత ఆయన సొంత అకౌంట్ తెచ్చుకోవడం. దొంగ ఆయన అకౌంట్‌లోని ఈమెయిల్ కూడా మార్చేశాడు. అలా మార్చినప్పుడు పాత ఈమెయిల్‌కి ఫేస్‌బుక్ ఒక హెచ్చరిక పంపుతుంది, ఇది మీరు చేయకపోతే ఇక్కడ నొక్కండి అని ఒక లింక్ ఉంటుంది. అది ఆయన జీమెయిల్‌లో Social ట్యాబ్‌లో పడి ఉంది, చూసుకోలేదు. పంపినది security@facebookmail.com అవునో కాదో చూసుకుని, `facebook.com/hacked` ద్వారా, రోజూ వాడే ల్యాప్‌టాప్ నుంచే ప్రయత్నించారు. ముందు లాగిన్ అయి ఉన్న పరికరం నుంచి చేస్తే గుర్తింపు తేలిగ్గా జరుగుతుంది. అకౌంట్ వచ్చేసింది.

అకౌంట్ వచ్చింది కదా, పేజీ కూడా వచ్చేసినట్టే అని పిల్లలు సంబరపడ్డారు. రాలేదు. ఆయన్ని పేజీ నుంచి దొంగ ముందే తీసేశాడు కాబట్టి ఆయన అకౌంట్‌కీ పేజీకీ ఇప్పుడు సంబంధమే లేదు. అకౌంట్ పోవడం ఒక కేసు, పేజీ పోవడం ఇంకో కేసు. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తే సపోర్ట్ వాళ్లు మొదటిదానికి జవాబిచ్చి మూసేస్తారు. అందుకే మొదటిది పూర్తయ్యాకే రెండోది రాయడం మంచిది. అకౌంట్ తిరిగొచ్చిందన్న సంగతే రెండో ఉత్తరంలో సాక్ష్యంగా పనికొస్తుంది.

నేను వచ్చేసరికే ప్రెసిడెంట్ ఒక ఉత్తరం పంపేసింది. సారాంశం ఇది: "గౌరవనీయులైన సార్, మా క్లబ్ పేజీని ఎవరో హ్యాక్ చేశారు. ఇది 9 ఏళ్ల విద్యార్థుల కష్టం. మార్చి 13 రాత్రి 9:47కి నన్ను పేజీ నుంచి తీసేశారు. ఉగాది కార్యక్రమం దగ్గరపడింది. మాకు ఈ పేజీయే ఆధారం. దయచేసి వెంటనే పేజీని నా పేరు మీదకు మార్చండి." దీనికి ఒక పేజీ లింక్, ఆ ఉదయం పెట్టిన హోలీ శుభాకాంక్షల పోస్టు స్క్రీన్‌షాట్ జత చేసింది. పేజీ అడ్మిన్ల మధ్య వివాదాల్లో మేము జోక్యం చేసుకోలేమని జవాబొచ్చింది.

ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో "నేను గొడవ అని ఎక్కడా అనలేదు కదన్నా" అంది. నిజమే, అనలేదు. కానీ చదివేవాళ్ల వైపు నుంచి చూడండి. ఉత్తరం రాసిన మనిషి ఆ పేజీకి ఎప్పుడూ పూర్తి స్థాయి అడ్మిన్ కాదు, రికార్డులో అది కనిపిస్తుంది. పూర్తి నియంత్రణ ఉన్నవాళ్లలో ఒకరి అకౌంట్ నుంచే కొత్త వ్యక్తికి అధికారం వెళ్లింది, అదీ రికార్డులో ఉంది. ఇప్పుడు ఆ చిన్న స్థాయి మనిషి పేజీని "నా పేరు మీదకు మార్చండి" అంటోంది. చూడగానే ఇది సీనియర్ ఎవరికో అప్పగించిన పేజీని జూనియర్ లాక్కోవాలని చూస్తున్నట్టే ఉంటుంది.

ఇంకో చిక్కు సమయం దగ్గర వచ్చింది. తనను తీసేసినట్టు వచ్చిన ఈమెయిల్‌ని జీమెయిల్‌లో Show original నొక్కి తెరిచి, అందులో ఉన్న సమయాన్ని ఉన్నదున్నట్టు రాసేసింది. అందులో ఉన్నది ఇలా:

```
Date: Thu, 13 Mar 2025 21:47:08 -0700
```

చివర ఉన్న -0700 అంటే అమెరికా పడమటి తీర సమయం. ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో చూస్తే మార్చి 14 ఉదయం 4:47, మన సమయంలో మార్చి 14 ఉదయం 10:17. ఉత్తరంలో మాత్రం 13 రాత్రి 9:47 అని పడింది. జత చేసిన హోలీ పోస్టు తను 14 ఉదయం 9:05కి పెట్టింది. అంటే ఉత్తరం ప్రకారం ముందురోజు రాత్రే పేజీ నుంచి తీసేసిన అమ్మాయి మర్నాడు పొద్దున అదే పేజీ నుంచి పోస్టు పెట్టింది! అబద్ధం ఒక్కటీ లేదు, అయినా చదివినవాళ్లకు అబద్ధంలాగే కనిపిస్తుంది. ప్రతి సమయాన్నీ మన సమయంలో ఒకసారి, యూటీసీలో ఒకసారి రాస్తే ఈ గొడవ ఉండదు. ప్లాట్‌ఫారం లాగ్‌లతో పోల్చి చూసేవాళ్లకు లెక్కలు కట్టే పనీ తప్పుతుంది.

రెండో ఉత్తరానికి ముందు సాక్ష్యాలు పోగుచేశాం. అన్నిటికన్నా ముందు కావాల్సింది పేజీ ఐడీ. పేరు మారుతుంది, లింక్ మారుతుంది, ఐడీ అంకె మాత్రం మారదు. మొదటి ఉత్తరంలో ఇచ్చిన పాత పేరు లింక్ అప్పటికే ఎక్కడికీ వెళ్లడం లేదు. దొంగ క్లబ్ వాళ్లను బ్లాక్ చేసినా, వేరే ఎవరి అకౌంట్ నుంచైనా పేజీ తెరిచి About కింద Page transparency చూస్తే ఐడీ కనిపిస్తుంది. అదే చోట పేజీ ఎప్పుడు పుట్టింది, పేరు ఎప్పుడెప్పుడు ఏమేమి మారింది, నడిపేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారు అన్నవీ ఉంటాయి. 9 ఏళ్లు ఒకే పేరుతో ఉన్న పేజీ మార్చి 14న పేరు మార్చుకుంది. నడిపేవాళ్ల దేశాల జాబితాలో భారత్ మాయమై క్లబ్‌లో ఎవరూ ఎన్నడూ వెళ్లని దేశం ఒకటి వచ్చింది. ఈ రెండూ మనం తయారుచేసినవి కావు, ప్లాట్‌ఫారం తానే చూపిస్తున్నవి. మన మాటకంటే వాటికి బలం ఎక్కువ.

ప్రకటనలను పట్టుకోవడంలో తొందర అవసరం. `facebook.com/ads/library` లో పేజీ పేరుతో వెతికితే ప్రస్తుతం నడుస్తున్న ప్రకటనలు ఎవరికైనా కనిపిస్తాయి, ఒక్కోదానికి Library ID ఉంటుంది. రాజకీయ, సామాజిక అంశాల ప్రకటనలైతే ఆగిపోయాక కూడా అక్కడ ఉంటాయి. మామూలు వ్యాపార ప్రకటనలు మన దేశంలో ఆగిపోతే ఆ జాబితాలోంచి పోతాయి. సీనియర్ కార్డు బ్లాక్ చేయగానే ఈ ప్రకటనలు ఆగిపోతాయని తెలుసు కాబట్టి, ఆయన బ్యాంకు లైన్‌లో వెయిట్ చేస్తుండగానే పోస్టర్ల అబ్బాయి లైబ్రరీ ఐడీలన్నీ రాసి, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాడు. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన పని అది. కాలేజీ తెలుగు క్లబ్ ట్రేడింగ్ ప్రకటనలు ఎందుకు నడుపుతుంది? అడ్మిన్ల గొడవ కాదని చెప్పడానికి అంతకు మించిన రుజువు లేదు.

మిగతావి కాగితాలు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ సంతకంతో ఒక లేఖ: ఈ క్లబ్ మా కాలేజీలో నమోదైనది, ఈ విద్యార్థిని 2024-25 ప్రెసిడెంట్, ఈ పేజీ క్లబ్ అధికారిక పేజీ. పూర్తి నియంత్రణ ఉండిన ఇద్దరు సీనియర్ల సంతకాలతో రెండు స్టేట్‌మెంట్లు. ఒక్కొక్కరి గుర్తింపు కార్డు కాపీ. విదేశంలో ఉన్న సీనియర్‌ని పట్టుకోవడానికి కాస్త టైం పట్టింది, కానీ ఆయన సంతకం లేకుండా పంపొద్దని గట్టిగా చెప్పాను. పేజీ పెట్టిన మనిషే మౌనంగా ఉంటే వివాదం అన్న అనుమానం మళ్లీ మొదటికొస్తుంది. `cybercrime.gov.in` లో ప్రెసిడెంట్ పెట్టిన ఫిర్యాదు నంబర్ కూడా తీసుకున్నాం. ఒకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడడం ఐటీ చట్టం 2000లో సెక్షన్ 66సి కిందకి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం 66డి కిందకి వస్తాయి. ఫిర్యాదులో రెండూ రాయించాం. సీనియర్ డబ్బు ఫిర్యాదు వేరు, దాని నంబర్ వేరు. ఉత్తరంలో ఏ నంబర్ దేనిదో విడిగా చెప్పాలి, లేకపోతే రెండింట్లో పేర్లు, ఊళ్లు వేరుగా ఉండడం చూసి మళ్లీ అనుమానపడతారు.

రెండో ఉత్తరం ఇది.

"విషయం: పేజీ హైజాక్. దొంగిలించిన లాగిన్‌తో పూర్తి నియంత్రణ తీసుకున్నారు, పాత అడ్మిన్లందరూ ఈ అభ్యర్థనలో ఉన్నారు.

పేజీ ఐడీ, పాత పేరు, ఇప్పుడు కనిపిస్తున్న పేరు కింద ఇచ్చాను. నేను ఈ క్లబ్ 2024-25 ప్రెసిడెంట్‌ని. పేజీలో నాకు పాక్షిక అధికారం ఉండేది. పూర్తి నియంత్రణ మా క్లబ్ పూర్వ విద్యార్థులు ఇద్దరికి ఉండేది. ఇద్దరూ ఈ అభ్యర్థనను సమర్థిస్తూ సంతకం చేసిన స్టేట్‌మెంట్లు జత చేశాను. ఇప్పుడు పేజీని నడుపుతున్న వ్యక్తి మాలో ఎవరికీ తెలియదు. ఆ వ్యక్తి క్లబ్ సభ్యుడు, ఉద్యోగి, వాలంటీర్ కాదు, గతంలో కూడా కాదు. ఆ వ్యక్తికి అధికారం ఇవ్వమని మేమెవరం చెప్పలేదు.

మార్చి 14న జరిగిన క్రమం ఇది, సమయాలు భారత కాలమానంలోనూ యూటీసీలోనూ ఇస్తున్నాను. ఉదయం 9:05, యూటీసీ 3:35: నేను పెట్టిన హోలీ పోస్టు, క్లబ్ పెట్టిన చివరి పోస్టు ఇదే. 10:02, యూటీసీ 4:32: పూర్వ విద్యార్థి అకౌంట్‌లోకి తెలియని పరికరం నుంచి లాగిన్. 10:11, యూటీసీ 4:41: ఆ అకౌంట్ నుంచి తెలియని వ్యక్తికి పూర్తి నియంత్రణ. 10:17, యూటీసీ 4:47: నన్ను తీసేసినట్టు ఈమెయిల్, మిగతా వాళ్లనూ అప్పుడే తీసేశారు. 10:40, యూటీసీ 5:10: పూర్వ విద్యార్థి అకౌంట్ ఈమెయిల్ మార్పు. మధ్యాహ్నం పేరు మార్పు, సాయంత్రం నుంచి ప్రకటనలు. ఆ ప్రకటనల లైబ్రరీ ఐడీలు జతచేసిన పట్టికలో ఉన్నాయి. మా క్లబ్ ఎప్పుడూ పెట్టుబడి ప్రకటనలు నడపలేదు.

ఆ పూర్వ విద్యార్థి సొంత అకౌంట్‌ని మీ అకౌంట్ రికవరీ ద్వారా ఇప్పటికే తిరిగి పొందారు. కాబట్టి ఆ అకౌంట్ చొరబాటుకు గురైన సంగతి మీ రికార్డులో ఉంది. ఈ అభ్యర్థన పేజీ గురించి మాత్రమే.

మేము అడుగుతున్నవి మూడు. తెలియని వ్యక్తి నియంత్రణ తీసేయండి. మార్చి 14 ఉదయం 10:11కి ముందు పేజీ మీద ఎవరెవరికి ఏ అధికారం ఉందో అదే తిరిగి ఇవ్వండి, నాకు కొత్తగా ఏ అధికారం అడగడం లేదు. ఈలోగా పేజీ నుంచి ప్రకటనలు ఆపండి.

పైన చెప్పినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను, తప్పుడు ప్రకటన చేస్తే చట్టపరంగా బాధ్యత నాదే."

ఈ ఉత్తరంలో నేను పట్టుబట్టి పెట్టించిన వాక్యం "నాకు కొత్తగా ఏ అధికారం అడగడం లేదు" అన్నది. ప్రెసిడెంట్‌కి మొదట నచ్చలేదు. పేజీ తన పేరు మీద లేకపోవడం వల్లే కదా ఇదంతా అని ఆమె బాధ, అందులో న్యాయం ఉంది. కానీ పోయినది తిరిగి ఇవ్వమని అడగడం వేరు, కొత్తది ఇవ్వమని అడగడం వేరు. మొదటిదానికి ప్లాట్‌ఫారం తన లాగ్‌లు చూసుకుంటే చాలు, ఫలానా సమయానికి ముందు ఉన్న స్థితికి వెళ్లడమే. రెండోదానికి ఈ క్లబ్‌లో ఎవరికి హక్కు ఉందో తీర్పు చెప్పాలి, ఆ తీర్పు వాళ్లు చెప్పరు. పాత అడ్మిన్లకు పేజీ వచ్చాక వాళ్లే ప్రెసిడెంట్‌కి పూర్తి నియంత్రణ ఇవ్వొచ్చు, అందుకు సపోర్ట్ అవసరమే లేదు.

ఉగాది గురించి ఒక్క మాట కూడా ఉంచలేదు. 30వ తేదీన కార్యక్రమం ఉందన్నది ఆ పిల్లలకు ప్రాణంతో సమానం, నాకూ తెలుసు. దాన్ని చదివినవాళ్లు జాలిపడొచ్చేమో గానీ నిర్ణయం మారదు. పైగా తొందరపెట్టే ఉత్తరాలు దొంగలు కూడా రాస్తారు. అసలు ఓనర్‌ని నేనే అంటూ పేజీ లాక్కునేవాళ్లు సరిగ్గా అలాంటి భాషే వాడతారు.

పంపడానికి దారి కూడా ముఖ్యం. సపోర్ట్ చాట్ అందరికీ కనిపించదు. యాడ్స్ అకౌంట్ ఉన్నవాళ్లకు బిజినెస్ సపోర్ట్ వైపు దొరకొచ్చు. సీనియర్‌కి యాడ్స్ అకౌంట్ ఉంది కాబట్టి, తిరిగొచ్చిన తన అకౌంట్ నుంచి ఆయనే చాట్ తెరిచి ఈ ఉత్తరం, జతలు ఇచ్చారు. ఇలా చేయడంలో ఇంకో లాభం ఉంది. మొదటిసారి పాక్షిక అధికారం ఉన్న మనిషి అడిగితే, ఈసారి చొరబాటుకు గురైన అడ్మినే అడుగుతున్నాడు.

అదే రోజు అదే ఉత్తరాన్ని ఫేస్‌బుక్ తరఫున భారత్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా పంపాం. ఐటీ నిబంధనలు 2021 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి, 2025లో అప్పటికి ఉన్న నిబంధన ప్రకారం 15 రోజుల్లో పరిష్కరించాల్సి ఉండేది. పరిష్కారం నచ్చకపోతే ఆ ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లోపు ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి `gac.gov.in` లో అప్పీల్ చేసుకోవచ్చు. ఈ కమిటీలు 2023లో వచ్చాయి, ఫిర్యాదంతా ఆన్‌లైన్‌లోనే. ఇక్కడ చాలామంది జారిపోయేది ఆధారాల దగ్గర. ఫిర్యాదు అందినట్టు వచ్చిన ఈమెయిల్‌ని, జవాబుగా వచ్చిన ఈమెయిల్‌ని దాచుకోరు. అప్పీల్‌కి గడువు లెక్క వాటి తేదీ నుంచే మొదలవుతుంది. ప్రెసిడెంట్ వాటిని పీడీఎఫ్‌లుగా దాచి, గడువు తేదీని తన ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుంది. కమిటీ దాకా వెళ్లే అవసరం రాలేదు.

సపోర్ట్ వైపు నుంచి ఒక ప్రశ్న వచ్చింది: తెలియని వ్యక్తితో క్లబ్‌కి ఒప్పందం గానీ, డబ్బు లావాదేవీ గానీ ఎప్పుడైనా ఉందా అని. పేజీని అమ్మేసి తర్వాత హైజాక్ అయిందని చెప్పేవాళ్లూ ఉంటారు, కాబట్టి ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇద్దరు సీనియర్లూ విడివిడిగా లేదని రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ తర్వాత తెలియని వ్యక్తిని తీసేసి హైదరాబాద్ సీనియర్‌కి పూర్తి నియంత్రణ ఇచ్చారు. ఉగాదికి ముందే పేజీ చేతికొచ్చింది.

చేతికొచ్చిన రోజే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, చాలామంది వాటిని వదిలేస్తారు. పేజీకి మనుషులే కాకుండా, పేజీలనూ యాడ్స్ అకౌంట్లనూ ఒకే చోట నుంచి నడిపే బిజినెస్ పోర్ట్‌ఫోలియోలు కూడా జోడించి ఉండొచ్చు. దొంగ మనిషి పోయినా అతని పోర్ట్‌ఫోలియో పేజీకి అంటుకునే ఉంటే అదే దారిలో మళ్లీ లోపలికి వస్తాడు. ఇక్కడ అలాంటిది ఒకటి దొరికింది, తీసేశాం. షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులు నాలుగైదు ఉన్నాయి, తీయకపోతే ఉగాది రోజున ట్రేడింగ్ పోస్టు పడేది. ఇన్‌బాక్స్‌లో ఆటోమేటిక్ జవాబు మార్చేశాడు, హాస్టల్ గురించి అడిగిన తల్లిదండ్రులకు కూడా ట్రేడింగ్ లింక్ వెళ్లింది. ఆ లింక్ అందుకున్న ప్రతి ఒక్కరికీ ప్రెసిడెంట్, ఆమె స్నేహితులు విడివిడిగా రాసి, నొక్కితే ఏం చేయాలో చెప్పారు. నా దృష్టిలో పేజీ తెచ్చుకోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. పేజీ మీద నమ్మకంతో అడిగినవాళ్లు వాళ్లు.

పేరు మాత్రం వెంటనే తిరిగి మార్చలేకపోయాం. పేజీ పేరు మార్చాక 7 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, మొదటి మార్పు గడువు అయ్యాక, పేజీ మన చేతికి రాకముందే దొంగ రెండోసారి కూడా మార్చినట్టు తేలింది. గడువు అయ్యాక పాత పేరు కోసం అభ్యర్థన పెడుతూ, కాలేజీ లేఖనూ పాత ఉగాది ఆహ్వానాలనూ దగ్గర ఉంచుకోమన్నాను. ఈలోగా ప్రొఫైల్ ఫొటోలో క్లబ్ లోగో, పైన పిన్ చేసిన పోస్టులో మార్చి 14 నుంచి జరిగినదంతా రాసి పెట్టారు. ఉగాది కార్యక్రమం పోస్టులు ఆ వేరే పేరు కిందే వెళ్లాయి, అయినా జనం వచ్చారు.

పూర్తి నియంత్రణ ఇప్పుడు ప్రెసిడెంట్‌కి, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌కి, హైదరాబాద్ సీనియర్‌కి ఉంది. విదేశంలో ఉన్న సీనియర్ తనంతట తానే వద్దన్నాడు. పేజీ నుంచి ప్రకటనలు నడిపే వీలును ప్లాట్‌ఫారం ఆపేసి ఉంచింది. దాని మీద వేరే సమీక్ష కోరారు, అందులో ప్రకటనల లైబ్రరీ ఐడీల పట్టికనే మళ్లీ జత చేశారు. ఇది రాసేనాటికి ఆ సమీక్ష ఇంకా పూర్తి కాలేదు.